కింది నుంచి పైకి చదివినా తేడా తెలియని పేరాగ్రాఫ్

నిన్న రాత్రితో తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దడం అయిపోయింది. మొత్తం 42. పేరాగ్రాఫ్ ప్రశ్న దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఈ ఏడాది మొదట్లో నాకు జరిగిన అవమానం గుర్తొచ్చింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. మొదటి లైను కాస్త లోపలికి జరిపి మొదలుపెట్టడం, ప్రతి వాక్యానికీ కొత్త లైనుకు దూకకుండా వరసగా రాయడం, ఆరు నుంచి ఎనిమిది వాక్యాల్లో ముగించడం. ఇవన్నీ రెండు పీరియడ్లలో వచ్చేశాయి. వాటి గురించి రాయడానికేమీ లేదు.

తర్వాత నేను చేసిన పని, చాలామంది టీచర్లు చేసేదే. గైడులో ఉన్న లింకింగ్ వర్డ్స్ పట్టిక బోర్డు మీద ఎక్కించాను. చేర్చడానికి మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్; తేడా చెప్పడానికి హవెవర్, ఆన్ ది అదర్ హ్యాండ్; ఫలితానికి దేర్‌ఫోర్. పిల్లలు శుభ్రంగా రాసుకున్నారు. వారం తిరిగేసరికి నోట్సులన్నీ ఆ మాటలతో కళకళలాడాయి. నేను మురిసిపోయి ఎర్ర సిరాతో ‘ఎక్సలెంట్’లు కురిపించాను.

ఆ నెలలోనే పై నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. వెనక బెంచీలో కూర్చుని ఒక నోట్సు తీసి గట్టిగా చదివారు. సైకిల్ మీద పేరాగ్రాఫ్ అది. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగులోనే చెబుతాను, లింకింగ్ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచుతాను. “సైకిల్ చాలా ఉపయోగకరమైనది. మోర్‌ఓవర్, అది ఆరోగ్యానికి మంచిది. హవెవర్, దానికి పెట్రోలు అక్కర్లేదు. ఆన్ ది అదర్ హ్యాండ్, అది పొగ వదలదు. ఫర్దర్‌మోర్, మా నాన్న నాకు సైకిల్ కొన్నారు. దేర్‌ఫోర్, సైకిల్‌కు రెండు చక్రాలు ఉంటాయి. ఇన్ కన్‌క్లూజన్, సైకిల్ చాలా ఉపయోగకరమైనది.”

రెండు చక్రాల దగ్గర క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. లింకింగ్ మాటలన్నీ వదిలేసి మళ్లీ చదివారు. “మేడం, ఏమైనా పోయిందా?” అన్నారు. ఏమీ పోలేదు. ఇంకా కాస్త బాగుపడింది కూడా. తర్వాత ఆఖరి వాక్యం నుంచి మొదటి వాక్యం దాకా తిరగేసి చదివారు. అప్పుడూ తేడా తెలియలేదు. నోట్సు నా వైపు తిప్పి నేను పెట్టిన ‘ఎక్సలెంట్’ మీద వేలు పెట్టి, “ఇది దేనికి?” అన్నారు. 42 మంది పిల్లల ముందు! రాసిన కుర్రాడు నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో నోట మాట రాకపోవడం అదే మొదటిసారి. తప్పు చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం లేదు. పిల్లల ముందు చెప్పినందుకు ఉంది, ఇప్పటికీ ఉంది. స్టాఫ్ రూంలో చెబితే నేను నేర్చుకోకపోదునా?

అయితే ఆ రెండు పరీక్షలూ ఆ రోజే దొంగిలించి దాచుకున్నాను. లింకింగ్ మాట తీసేస్తే అర్థం కుంటుపడాలి. వాక్యాల వరస మారిస్తే చదివేవాడు తడబడాలి. రెండూ జరగకపోతే అది పేరాగ్రాఫ్ కాదు, వాక్యాల జాబితా. జాబితాకు హవెవర్ అంటించినంత మాత్రాన అతుకు పడదు.

కాబట్టి పట్టిక చెరిపేసి వెనక్కి వెళ్లాను. అసలు రోగం లింకింగ్ మాటల్లో లేదు, మొదటి వాక్యంలోనే ఉంది. “సైకిల్ చాలా ఉపయోగకరమైనది” అన్నాక కింద ఏ వాక్యం పెట్టినా సరిపోతుంది. అన్నీ సరిపోతున్నాయంటే ఏదీ ముందు రావాల్సిన అవసరం లేదు, ఏదీ దేనికీ కారణం కాదు. ఇక అక్కడ దేన్ని దేనితో కలుపుతాం?

ఆ మొదటి వాక్యాన్నే టాపిక్ సెంటెన్స్ అంటాం. దాని పని విషయం పేరు చెప్పడం అనుకుంటారు పిల్లలు. విషయం ఒక్కటే చాలదు, దాని మీద మనం అనేదేమిటో కూడా అందులో ఉండాలి. ఈ మాట నిర్వచనంలా చెబితే తలలూపారు, రాయమంటే మళ్లీ పాతపాటే. అందుకని ఒక పని పెట్టాను. మొదటి వాక్యం ఒక్కటే రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు అది చదివాక మనసులో పుట్టిన ప్రశ్న కింద రాసి తిరిగివ్వాలి. ఆ ప్రశ్నకు జవాబే పేరాగ్రాఫ్. సైకిల్ కుర్రాడి వాక్యం కింద వాడి నేస్తం రాసిన ప్రశ్న ఒకటే మాట: “అయితే?” ఇంకొకడు “నా సైకిల్ ఎర్రది” అని రాస్తే పక్క పిల్ల ఖాళీగా తిరిగిచ్చేసింది, “అడగడానికేం లేదు టీచర్” అంటూ. “నేను ఇప్పుడు సైకిల్ గురించి రాస్తాను” అన్నదానికి “సరే, రాయి” అని వచ్చింది. నేను వారం రోజులు చెప్పినా ఎక్కనిది ఆ మూడు చీటీలతో ఎక్కింది.

ఇక్కడ నాకు ఆలస్యంగా తట్టిన సంగతి ఒకటుంది. ఒక ముచ్చట చెప్పమంటే మన పిల్లలు ముందు వెనకటి కథంతా చెప్పి, అసలు మాట చివర్లో “అందుకని” అంటూ తేలుస్తారు. అది తప్పేమీ కాదు, మనం మాట్లాడుకునేదే అలా. స్కూల్లో రాసే ఇంగ్లీషు పేరాగ్రాఫ్ మాత్రం ఆ తేల్చిన మాటనే ముందు పెట్టమంటుంది. సైకిల్ కుర్రాణ్ణి పిలిచి, “రాయొద్దు, ఊరికే చెప్పు. సైకిల్ వచ్చాక ఏం మారింది?” అన్నాను. ఇంతకుముందు బస్సు కోసం నిలబడేవాడట. అది ఎప్పుడొస్తుందో తెలియదట. వారంలో రెండు మూడు రోజులు లేటయ్యేదట. ఇప్పుడు తన టైముకు తాను బయల్దేరుతున్నాడట. అప్పుడప్పుడూ పంక్చర్ అవుతుందట. “అందుకని టీచర్, ఇప్పుడు నాకు ఫస్ట్ పీరియడ్ పోవట్లేదు” అన్నాడు.

ఆ చివరి వాక్యాన్ని తీసి నెత్తిన పెట్టించాను. “సైకిల్ వచ్చాక నాకు ఫస్ట్ పీరియడ్ పోవడం ఆగిపోయింది.” చదివిన నేస్తం ఈసారి రాసిన ప్రశ్న: “ఎలా? అంతకుముందు ఎందుకు పోయేది?” మిగతా వాక్యాలన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. రెండు చక్రాలు వాటంతటవే ఊడిపోయాయి. కొట్టేయమని నేను చెప్పనక్కర్లేకపోయింది.

అప్పుడు గానీ లింకింగ్ మాటల దగ్గరకు రానివ్వలేదు. వాక్యాలను విడివిడి చీటీల మీద రాయించి బల్ల మీద పరిపించాను. ఒక చీటీ నుంచి తర్వాతి చీటీకి వెళ్లేటప్పుడు మధ్యలో ఏ తెలుగు మాట వస్తుందో నోటితో అనాలి: అందువల్ల, కానీ, ఎందుకంటే, ఉదాహరణకు. ఏ మాటా రాకపోతే ఇంగ్లీషులోనూ అక్కర్లేదు. ఆ కుర్రాడి పేరాగ్రాఫ్ చివరికి ఇలా తేలింది. “సైకిల్ వచ్చాక నాకు ఫస్ట్ పీరియడ్ పోవడం ఆగిపోయింది. ఇంతకుముందు నేను బస్సు కోసం నిలబడేవాణ్ణి. ఆ బస్సుకు టైమంటూ లేదు. యాజ్ ఎ రిజల్ట్, వారంలో రెండు మూడు రోజులు లేటయ్యేవాణ్ణి. ఇప్పుడు నా టైముకు నేను బయల్దేరుతున్నాను. అప్పుడప్పుడూ టైరు పంక్చర్ అవుతుంది. ఈవెన్ దెన్, సైకిల్ నడిపించుకుంటూ బెల్లు లోపే చేరుకుంటాను.” ఏడు వాక్యాల్లో పట్టికలోంచి ఎత్తినట్టు కనిపించే మాటలు రెండే. మిగతా అతుకులన్నీ ‘ఆ బస్సు’, ‘ఇంతకుముందు’, ‘ఇప్పుడు’ వేశాయి. ముందు వాక్యంలోని మాటను ‘ఆ’ చేర్చి మళ్లీ ఎత్తుకోవడం కూడా లింకింగే. గైడు పట్టికలో ఆ సంగతి లేదు.

తెలుగు మాటను ముందు పెట్టుకోవడంలో ఒక గుంట ఉంది, అందులో నేనూ పడ్డాను. మన భాషలో ‘కాబట్టి’ కారణం వెనక అంటుకుంటుంది: వాన పడింది కాబట్టి లేటయింది. పిల్లలు ఆ చోట బికాజ్ పెట్టేశారు: “ఇట్ రెయిన్డ్ బికాజ్ ఐ వాజ్ లేట్.” అంటే వాడు లేటుగా వచ్చాడు కాబట్టి వాన పడిందన్నమాట! ఒకరిద్దరు కాదు, 11 మంది ఇలా రాశారు. కాబట్టి ఉన్న చోట సో, ఎందుకంటే ఉన్న చోట బికాజ్ అని జతలు కట్టాక తగ్గింది. కానీ ఎందుకంటే ఇంకో తంటా తెచ్చింది. తెలుగులో “లేటయింది. ఎందుకంటే వాన పడింది” అని మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టినా చెల్లుతుంది. ఇంగ్లీషులో “బికాజ్ ఇట్ రెయిన్డ్” అని విడిగా నిలబెడితే పరీక్షలో అది సగం వాక్యం కిందే లెక్క. ముందు వాక్యంతో కలిపే రాయాలి.

హవెవర్ సంగతి మాత్రం ఇప్పటికీ తెమల్లేదు. బట్ అయితే ముందు కామా పెట్టి రెండు వాక్యాలనూ కలపొచ్చు. హవెవర్‌కు ఆ శక్తి లేదు. దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పడాలి, తర్వాత కామా. రెండింటి అర్థం ఒకటేనని పట్టికలో పక్కపక్కన పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కనిపిస్తే ఈ 42 పేపర్లూ ఆయన చేతే దిద్దిస్తాను. నేనైతే తొమ్మిదో తరగతికి హవెవర్ మానేసి బట్‌తోనే సరిపెట్టమంటున్నాను. తోటి టీచర్లు ఒప్పుకోలేదు, పెద్ద మాటలుంటేనే మార్కులొస్తాయంటారు.

వాళ్లన్నదీ అబద్ధం కాదు. నిన్న ఆ సైకిల్ కుర్రాడి పేపర్ దిద్దాను. ప్రశ్న వేరు, తనకు నచ్చిన ఆట గురించి. “చదరంగం నాకు ఓడిపోవడం నేర్పింది” అని మొదలుపెట్టాడు. నా మనసులో ‘ఎలా?’ అన్న ప్రశ్న వెంటనే పుట్టింది, వాడు ఏడు వాక్యాల్లో దానికే జవాబు చెప్పాడు. కింది నుంచి పైకి చదివి చూశాను, తడబడ్డాను. లింకింగ్ మాటలు మాత్రం రెండే ఉన్నాయి. పై నుంచి వచ్చిన మార్కుల స్కీములో “కనీసం నాలుగు లింకర్లు, లేకుంటే ఒక మార్కు తగ్గించాలి” అని ఉంది. అయిదుకు నాలుగు వేశాను. సోమవారం పేపర్లు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని వాడు అడుగుతాడు. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.