160 మిల్లీసెకన్ల లోపు: ఫాల్ట్ తర్వాత మా జనరేటర్ నిలబడుతుందా అని లెక్క వేసిన అనుభవం

మా ప్లాంటు జనరేటర్ స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 220 కేవీ బస్‌కు, అక్కడి నుంచి రెండు సమాంతర లైన్ల మీద గ్రిడ్ సబ్‌స్టేషన్‌కు కలిసి ఉంటుంది. ఒక లైన్ మీద, మా స్విచ్‌యార్డ్ గేటు బయటే త్రీ ఫేజ్ ఫాల్ట్ పడితే బ్రేకర్ ఎంతలోపు తెరుచుకోవాలో తేల్చే పని నాకు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో అయితే కాసేపటి పని. కానీ ప్రొటెక్షన్ చూసే మా సీనియర్ సార్ ఒప్పుకోలేదు. "ముందు కాగితం మీద చేసి తీసుకురావయ్యా. కంప్యూటర్ ఇచ్చిన అంకె సరైందో కాదో నీకు తెలియాలి కదా" అన్నారు.

చేతి లెక్కకు పట్టే మోడల్ ఒక్కటే: ఒక మెషీన్, ఎదురుగా ఇన్ఫినిట్ బస్. అంటే అవతలి గ్రిడ్ ఎంత పెద్దదంటే మన మెషీన్ ఏం చేసినా అక్కడి వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కదలవని అనుకోవడం. లెక్క తేలిగ్గా కనబడేలా అంకెల్ని కాస్త గుండ్రం చేసి ఇస్తున్నాను. అన్నీ పర్ యూనిట్‌లో, ఒకే బేస్ మీద ఉన్నాయి. జనరేటర్ ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ 0.3, ట్రాన్స్‌ఫార్మర్ 0.1, ఒక్కో లైన్ 0.4. ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ వెనక వోల్టేజీ 1.2, ఇన్ఫినిట్ బస్ వోల్టేజీ 1.0. టర్బైన్ ఇచ్చే పవర్ 1.0. ఇనర్షియా స్థిరాంకం H 4 సెకన్లు. ఇది టర్బైన్, జనరేటర్ రోటర్లు రెండూ కలిపిన విలువ. జనరేటర్ డేటాషీట్‌లో ఒక్కోసారి జనరేటర్‌ది మాత్రమే ఇస్తారు, అది చూసుకోవాలి.

ఫాల్ట్‌కు ముందు మొత్తం రియాక్టెన్స్ 0.3 + 0.1 + 0.2, అంటే 0.6. కాబట్టి పంపగల గరిష్ఠ పవర్ 1.2/0.6 = 2.0. మనం పంపుతున్నది 1.0 కనుక రోటర్ కోణం 30 డిగ్రీలు.

బస్ పక్కనే త్రీ ఫేజ్ ఫాల్ట్ పడితే ఆ బస్ వోల్టేజీ సున్నా అయిపోతుంది, గ్రిడ్‌కు పవర్ వెళ్లదు. టర్బైన్ మాత్రం తోస్తూనే ఉంటుంది. ఈ కొద్ది మిల్లీసెకన్లలో గవర్నర్ వాల్వులు మూసే ప్రసక్తే లేదు. బయటికి పోలేని పవరంతా రోటర్ వేగంగా మారుతుంది, కోణం పెరుగుతూ పోతుంది. పవర్-కోణం గ్రాఫ్ మీద 1.0 గీతకు కింద, 30 డిగ్రీల నుంచి బ్రేకర్ తెరిచిన కోణం వరకు ఉండే ఆ దీర్ఘచతురస్రమే మొదటి వైశాల్యం, అంటే రోటర్ అదనంగా పుంజుకున్న శక్తికి కొలత.

బ్రేకర్లు తెరుచుకుంటే ఫాల్ట్ పోతుంది, దాంతోపాటు ఒక లైన్ కూడా పోతుంది. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. ఇప్పుడు రియాక్టెన్స్ 0.8, గరిష్ఠ పవర్ 1.5. రోటర్‌కు బ్రేక్ వేయాల్సింది ఈ పొట్టి వక్రరేఖే, పాత 2.0 వక్రరేఖ కాదు. ఇది 1.0 గీతను రెండు చోట్ల కోస్తుంది: 41.8 డిగ్రీల దగ్గర, 138.2 డిగ్రీల దగ్గర. ఈ రెండో బిందువే హద్దు. అది దాటితే బయటికి వెళ్లే పవర్ టర్బైన్ ఇచ్చేదానికన్నా మళ్లీ తగ్గిపోతుంది, రోటర్ ఇంకా వేగం పుంజుకుంటుంది. ఆ తర్వాత అది వెనక్కి రాదు.

కాబట్టి వక్రరేఖకు, 1.0 గీతకు మధ్య 138.2 డిగ్రీల లోపు దొరికే రెండో వైశాల్యం, అంటే రోటర్ తిరిగి వదిలించుకోగల శక్తి, మొదటిదానికి సమానమయ్యే కోణం δc దగ్గర తెరిస్తే సరిగ్గా అంచున నిలబడతాం. రెండింటినీ సమానం చేస్తే ఇలా వస్తుంది, కోణాలు రేడియన్లలో:

```
cos δc = [1.0 × (2.412 − 0.524) + 1.5 × cos 138.2°] / 1.5
       = 0.5135
δc = 59.1°
```

సార్ ముందు పెడితే ఆయన అడిగింది ఒక్కటే. "రిలేకు డిగ్రీలు తెలుస్తాయా?" నిజమే, వైశాల్యాల పద్ధతి కోణం దగ్గరే ఆగిపోతుంది. ఆ కోణానికి రోటర్ ఎప్పుడు చేరుతుందో స్వింగ్ సమీకరణం చెప్పాలి. మా కేసులో అది సులువే. ఫాల్ట్ ఉన్నంతసేపు బయటికి వెళ్లే పవర్ సున్నా కాబట్టి త్వరణం మారదు: 50 హెర్ట్జ్ దగ్గర π × 50/4, అంటే సెకను వర్గానికి 39.3 రేడియన్లు. 30 నుంచి 59.1 డిగ్రీలకు, అంటే 0.508 రేడియన్లు కదలడానికి పట్టే సమయం √(2 × 0.508/39.3) = 0.161 సెకను.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 220 కేవీలో ఫాల్ట్‌ను తొలగించడానికి గరిష్ఠంగా 160 మిల్లీసెకన్లు ఇస్తారు. 400 కేవీలో అయితే 100. మాకు దొరికింది 161. కాగితం మీద పాసైనట్టే, కానీ దీన్ని మార్జిన్ అనలేం. అదే మెషీన్‌కు 100 మిల్లీసెకన్లలో ఫాల్ట్ పోతే కోణం 41 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఊగినా సుమారు 81 డిగ్రీల దాకా వెళ్లి వెనక్కి వస్తుంది.

లోడ్ తగ్గిస్తే ఎంత మార్పు వస్తుందో కూడా చూశాను. లోపలి వోల్టేజీ అంతే ఉంచి పవర్‌ను 0.8 చేస్తే మొదటి కోణం 23.6కు తగ్గుతుంది, తెరవగల కోణం 71.9కి పెరుగుతుంది, త్వరణమూ తగ్గుతుంది. మూడూ మన వైపే పనిచేయడంతో సమయం 161 నుంచి 232 మిల్లీసెకన్లకు పెరిగింది. లోడ్ 20 శాతం తగ్గితే సమయం 44 శాతం పెరిగింది. ఒక లైన్ మరమ్మతులో ఉన్న రోజు జనరేషన్ తగ్గించమని లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్లు ఎందుకు పట్టుబడతారో నాకు ఈ లెక్కతో బాగా అర్థమైంది.

ఇక అదే ఫాల్ట్ లైన్ నడిమధ్య పడితే? అప్పుడు బస్ వోల్టేజీ పూర్తిగా పడిపోదు, రెండో లైన్ మీద కొంత పవర్ వెళ్తూనే ఉంటుంది. స్టార్-డెల్టా మార్చి చూస్తే గ్రిడ్‌కు, మెషీన్‌కు మధ్య రియాక్టెన్స్ 1.6, గరిష్ఠ పవర్ 0.75. తెరవగల కోణం 80.7 డిగ్రీలు. సమయానికి మాత్రం ఇందాకటి వర్గమూల సూత్రం పనికిరాదు, ఎందుకంటే కోణం పెరిగేకొద్దీ త్వరణం తగ్గుతూ వస్తుంది. 0.05 సెకన్ల అంగలతో పట్టిక వేసుకుంటూ పోతే దాదాపు 0.29 సెకను వచ్చింది. సూటిగా చూస్తే, స్విచ్‌యార్డ్ దగ్గరి ఫాల్టే మాకు అసలు గండం.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వేసినప్పుడు అంకె కాస్త అటూ ఇటూ అయింది. అది సహజమే. చేతి లెక్కలో లోపలి వోల్టేజీ స్థిరమనుకున్నాం, ఎక్సైటేషన్ సిస్టమ్ చేసేదాన్ని వదిలేశాం, డ్యాంపింగ్ లేదన్నాం, లైన్ల నిరోధం తీసేశాం. పైగా ఈ పద్ధతి మొదటి ఊపు గురించే చెబుతుంది. మొదటి ఊపు తట్టుకుని, ఆ తర్వాతి ఊపుల్లో డోలనాలు పెరిగి పడిపోయే మెషీన్‌ను ఇది పట్టుకోలేదు. పక్కన ఇంకో ప్లాంటు ఉండి అదీ ఊగితే ఇన్ఫినిట్ బస్ అనే ఊహే చెల్లదు.

రిపోర్టులో చివరిగా రాసింది బ్రేకర్ ఇరుక్కుపోయే సందర్భం గురించి. అప్పుడు బ్రేకర్ ఫెయిల్యూర్ ప్రొటెక్షన్ ఆ బస్ సెక్షన్‌లోని మిగతా బ్రేకర్లన్నీ తెరవాలి. ప్రమాణాలు దానికి ఇంకో 200 మిల్లీసెకన్లు ఇస్తాయి, మొత్తం 360. మా 161కి అది రెట్టింపుకన్నా ఎక్కువ, కాబట్టి ఆ సందర్భానికి వక్రరేఖలు గీయడంలో అర్థం లేదు. మెషీన్ అదే సెక్షన్ మీద ఉంటే ఎలాగూ ట్రిప్ అవుతుంది. పక్క సెక్షన్ మీద ఉంటే సింక్రనిజం తప్పే ఉంటుంది కాబట్టి పోల్ స్లిప్ రిలే దాన్ని విడదీయాలి. ఆ రిలే సెట్టింగ్ సరిచూడాలని రాసి సార్‌కు పంపాను. ఆయన దానికింద సంతకం చేసి, ఫుల్ లోడ్‌లో ఒక లైన్ ముందే బయట ఉన్న కేసు కూడా వేసి తెమ్మన్నారు.