ఫిలాసఫీ ఆప్షనల్: మోక్షం, రక్షణ కంపేర్ చేయబోయి నేను చేసిన తప్పు

ఫ్రెండ్స్, నాది నెల్లూరు, సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్. పేపర్ టూలో పునర్జన్మ, విముక్తి టాపిక్ మీద ఒక టెస్ట్‌లో 15 మార్కులకి నాకు 4 వచ్చాయి. క్రైస్తవం అంటే కృప, హిందూమతం అంటే కర్మ, భక్తి, జ్ఞానం, బౌద్ధం అంటే నిర్వాణం అని వరసగా రాసేశా. దిద్దిన సారు పక్కన "దేన్నుంచి విముక్తి?" అని ఒక్క మాటే రాశారు.

ఆ మాట పట్టుకుని మళ్ళీ చదివా. మా వీధిలో పాస్టర్ గారు రక్షణ అంటే పాపం నుంచి అంటారు, మా తాత మోక్షం అంటే మళ్ళీ పుట్టకుండా ఉండటం అంటాడు, రెండూ ఒకటే అన్నట్టు రాస్తే ఆన్సర్ అక్కడే పోతుంది. శంకరులకి బంధం అవిద్య. తాడుని చూసి పాము అనుకున్నోడికి ఎన్ని పూజలు చేసినా భయం పోదు, దీపం పెట్టి చూస్తేనే పోద్ది, అందుకే ఆయన కర్మని చిత్తశుద్ధి వరకే ఒప్పుకుంటాడు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం శ్రీవైష్ణవుల గొడవ. రంగనాయకుల గుడికి చిన్నప్పట్నుంచీ పోతానే ఉన్నా గానీ ఇది తెలీదు. దేవుడు తల్లి, భక్తుడు పిల్ల అనుకుంటే, కోతిపిల్ల తల్లిని తనే కరుచుకోవాలి, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని పోద్ది. వేదాంత దేశికుల వడగలై వాళ్ళు మొదటిది, పిళ్ళై లోకాచార్యుల తెంగలై వాళ్ళు రెండోది చెప్తారు. అంటే కృపా, ప్రయత్నమా అనే వాదం మన ఇంట్లోనే ఉంది, అది క్రైస్తవానికి మాత్రమే సొంతం కాదు.

| సంప్రదాయం | బంధం | విడిపించేది | మనిషి ప్రయత్నం |
|---|---|---|---|
| అద్వైతం | అవిద్య | జ్ఞానం | కర్మ చిత్తశుద్ధికే |
| వడగలై | కర్మ, సంసారం | భగవత్కృప | శరణాగతి చేయాలి |
| తెంగలై | కర్మ, సంసారం | నిర్హేతుక కృప | అడ్డుపడకపోతే చాలు |
| ప్రొటెస్టెంట్ లూథర్ | పాపం | విశ్వాసం ద్వారా కృప | మంచి పనులు ఫలితమే, కారణం కాదు |
| థేరవాదం | తృష్ణ, అవిద్య | అష్టాంగ మార్గం | ఎవరి సాధన వాళ్ళదే |

1547లో ట్రెంట్ సభలో కాథలిక్కులు ఏమన్నారంటే, ముందు వచ్చేది కృపే, అయితే మనిషి దానికి సహకరించాలి అని. అందుకే వాళ్ళని కోతిపిల్ల పక్కన, లూథర్‌ని పిల్లిపిల్ల పక్కన పెట్టి రాయొచ్చు. ఇక్కడ జాగ్రత్త, పోలిక కృప పని చేసే తీరు వరకే. తెంగలై వాళ్ళకి కృప ఎన్నో జన్మల కర్మని తెంపి వైకుంఠానికి చేరుస్తది, లూథర్‌కి ఉండేది ఒకటే జన్మ, అందులో పాపిని దేవుడు క్రీస్తుని బట్టి నీతిమంతుడిగా ఎంచుతాడు. ఈ తేడా రెండు లైన్లలో రాసి, టేబుల్ దాని కింద వేసి ఇస్తే, అదే క్వశ్చన్‌కి అదే సారు తర్వాత 8 వేశారు.