50 P7: కుడివైపు చివరి గడి

ఈ దేశం వచ్చిన మూడో వారంలో నా చేతికిచ్చిన డ్రాయింగ్‌లో బోరు దగ్గర రాసి ఉన్నది ఇంతే: 50 P7. అంతకుముందు నేను పనిచేసిన చోట ఈ గుర్తు పక్కనే పై లిమిట్, కింది లిమిట్ కూడా అంకెల్లో వేసేవాళ్లు. ఇక్కడ వెయ్యరు. టేబుల్స్ పుస్తకం బల్ల మీద ఉంటుంది, చూసుకోవడం మన పని. భాష ఇంకా సరిగా రాదు, ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్. నేనే చూసుకున్నాను.

గుర్తులో అంకె, అక్షరం రెండూ వేరువేరు సంగతులు చెబుతాయి. 7 అంటే IT7 గ్రేడు, అంటే టాలరెన్స్ ఎంత వెడల్పు అన్నది. అక్షరం ఆ వెడల్పు 50కి పైన ఉందా, కింద ఉందా, ఎంత దూరంలో ఉంది అన్నది చెబుతుంది. పెద్ద అక్షరమైతే బోరు, చిన్నదైతే షాఫ్ట్. ముందు సైజు వరుస పట్టుకోవాలి. 50 ఉండేది '30 దాటి 50 వరకు' అన్న వరుసలో, దాని కింది వరుసలో కాదు. ఇది నాకు తెలుసు, తప్పు పోలేదు. ఆ వరుసలో IT7 వెడల్పు 25 మైక్రాన్లు.

తర్వాత P కాలమ్. అక్కడ −26 ఉంది. P బోరుకు ఇది పై లిమిట్ వైపు అంకె. అందులోంచి 25 తీస్తే −51. అంటే 49.949 నుంచి 49.974 మిల్లీమీటర్ల వరకు. కాగితం మీద రాసుకుని, మధ్యకు గురిపెట్టి పద్నాలుగు పీసులు బోరింగ్ చేశాను. బోర్ గేజ్‌తో కొలిస్తే అన్నీ 49.953కీ 49.970కీ మధ్యనే ఉన్నాయి. నా లెక్క ప్రకారం ఒక్కటీ బయటికి పోలేదు.

ఇన్‌స్పెక్షన్‌లో అయిదు పీసుల్లోకి గో ప్లగ్ దిగలేదు. గో ప్లగ్ బోరు కింది లిమిట్‌ను చూసేది. అది దిగలేదంటే బోరు చిన్నదైనట్టే. కానీ నా గేజ్ 49.954 చూపిస్తోంది, నేను రాసుకున్న కింది లిమిట్ 49.949. ముందు గేజ్ సెట్టింగ్ మీదే అనుమానపడి రింగ్‌లో పెట్టి మళ్లీ చూశాను. బాగానే ఉంది.

పక్క షిఫ్ట్‌లో పనిచేసే తెలుగు అన్న ఒకాయన అప్పుడే వచ్చాడు. పుస్తకం తెరిచి, నా వేలు ఆగిన చోటి నుంచి పేజీ కుడి చివరకు తన వేలు జరిపాడు. "ఇదేంటి తమ్ముడూ? ఈ డెల్టా కలిపావా?"

కలపలేదు. N కాలమ్‌లో అయితే గడిలోనే −17+Δ అని రాసి ఉంటుంది, కంటపడుతుంది. P నుంచి మొదలయ్యే అక్షరాలకు గడిలో వట్టి అంకే ఉంటుంది. 7వ గ్రేడు వరకు దానికి Δ కలపాలన్న మాట వేరే చోట ఒకే ఒక్క వాక్యంగా ఉంది. మా వరుసలో 7వ గ్రేడుకు Δ 9. అది IT7లోంచి IT6 తీస్తే వచ్చేదే: 25లోంచి 16. కింద ES అంటే 50 నుంచి పై లిమిట్‌కు తేడా, EI అంటే కింది లిమిట్‌కు తేడా.

```
ES = −26 + 9 = −17   →  49.983
EI = −17 − 25 = −42  →  49.958
```

అసలు ఈ 9 ఎందుకని అడిగాను. "షాఫ్ట్ తిప్పి చూడు" అన్నాడు. H7 బోరులో p6 షాఫ్ట్ పెడితే బిగువు కనీసం 1 మైక్రాన్, గరిష్ఠంగా 42. అదే బిగువు P7 బోరులో h6 షాఫ్ట్ పెట్టినా రావాలి. షాఫ్ట్ బోరు కంటే ఒక గ్రేడు సన్నగా ఉంటుంది కాబట్టి ఆ తేడాను Δ సర్దుతుంది. కలిపి చూస్తే సరిగ్గా 1, 42 వచ్చాయి. నా లెక్క ప్రకారం చేస్తే 10 నుంచి 51 వచ్చేది. ఈ బోరులోకి బుష్ నొక్కేటప్పుడు ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చేది, దాని లోపలి రంధ్రం కూడా మరింత ముడుచుకునేది. అదే P8 అయివుంటే Δ ఉండదు, −26 ఉన్నదున్నట్టే.

బోరు చిన్నదైంది కాబట్టి పీసులు పోలేదు. కానీ 49.954 నుంచి 49.970కి తేవాలంటే ఒక్కో వైపు 8 మైక్రాన్లే తీయాలి. అంత పలచగా తీయబోతే ఇన్సర్ట్ కోయకుండా రుద్దుతుంది. పదునైన అంచున్న కొత్త ఇన్సర్ట్ వేసి, మొదటి పీసు మీద చాలాసేపు తంటాలు పడ్డాను. సాయంత్రానికి అయిదింటిలోనూ ప్లగ్ దిగింది.

తర్వాతి వారం 40 K7 వచ్చింది. గడిలో −2+Δ. ఈసారి +7 వచ్చింది, దాంట్లోంచి 25 తీస్తే −18. అంతకుముందైతే గడిలో −2 చూసి బోరు మొత్తం 40 కంటే తక్కువే అనుకునేవాణ్ని. పై లిమిట్ 40.007. లెక్క రాసిన కాగితం అన్నకు చూపించి, ఆయన సరే అన్నాకే మెషిన్ ఆన్ చేశాను.