సిజేరియన్లు 212: రాయగడలో తిరగరాసిన సీవీ

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక పల్లె. విశాఖలో స్త్రీవైద్యంలో ఎం.ఎస్. ముగించి, విజయనగరం మీదుగా రైలెక్కి రాయగడ వచ్చాను. ఇక్కడి బజారులోనూ ఆసుపత్రి వరండాలోనూ తెలుగు వినిపిస్తుంది కాబట్టి పరాయి ఊరనిపించలేదు. అయితే వైద్యుల నమోదు విషయంలో ఒడిశా మరో రాష్ట్రమేనన్న సంగతి నా సీవీ చూసిన మొదటి ఆసుపత్రిలోనే తెలిసివచ్చింది.

ఆ సీవీలో రిజిస్ట్రేషన్ అన్న చోట ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి ఇచ్చిన ఒక్క నంబరే ఉండేది. అది హౌస్ సర్జన్సీ అయ్యాక ఎం.బి.బి.ఎస్.కు వచ్చిన నంబరు. పీజీ పట్టాను అదనపు అర్హతగా విడిగా నమోదు చేయించుకోవాలి, నేను చేయించుకోలేదు. అందుకే ఆ ఆసుపత్రి నన్ను నిపుణురాలి జీతంలో కాక సాధారణ వైద్యురాలి జీతంలో చేర్చుకుంది. ముందు పీజీని మా మండలిలో ఎక్కించుకుని, అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, భువనేశ్వర్‌లోని ఒడిశా వైద్య నమోదు మండలికి దరఖాస్తు పెట్టేసరికి నెలలు గడిచాయి. ఇప్పుడు ఆ భాగంలో మండలి పేరు, నంబరు, తేదీ, గడువు, పీజీ నమోదైన తేదీ వరుసగా రాస్తున్నాను. నమోదు ఇంకా రానివారు దరఖాస్తు చేసిన తేదీని వేసి, ఫలితం రావలసి ఉందని స్పష్టంగా రాయాలి. విశ్వవిద్యాలయం పేరునూ పట్టా మీద ఉన్నట్టే రాయాలి, ఎందుకంటే మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారి, 2024లో మళ్లీ మొదటి పేరుకే వచ్చింది. పత్రాలు సరిచూసే గుమాస్తాకు ఈ చరిత్ర తెలియకపోవచ్చు.

పోస్టింగుల్లో నెల, సంవత్సరం, యూనిట్, హోదా ఉంటే చాలు. పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో చేసిన మూడు నెలలను విడిగా చూపాను. అమ్మ జబ్బు వల్ల ఇంటి దగ్గరున్న ఐదు నెలలకు కూడా ఒక వాక్యం కేటాయించాను.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది శస్త్రచికిత్సల భాగం. "సిజేరియన్లు: 212" అని ఒకే అంకె వేశాను. రెండో ఆసుపత్రి ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి, తెలుగులోనే అడిగారు: "అమ్మా, వీటిలో కత్తి మీ చేతిలో ఉన్నవి ఎన్ని?" నేను వెంటనే చెప్పలేకపోయాను. ఆ రాత్రి లాగ్‌బుక్ ముందు పెట్టుకుని లెక్క తీశాను. సహాయకురాలిగా నిలబడినవి 131, సీనియర్ గారు బల్ల దగ్గరే ఉండి నాతో చేయించినవి 58, నేనే బాధ్యత తీసుకుని చేసినవి 23. రాత్రి మత్తు డాక్టరు, నర్సు మాత్రమే ఉండే చోట పనికొచ్చేది ఆ ఆఖరి అంకె.

అంకెను పంచినంత మాత్రాన సరిపోదనీ తెలిసింది. ముందుగా నిర్ణయించినవి, అత్యవసరంగా చేసినవి వేరు చేయాలి, ఎందుకంటే నొప్పులు గంటల తరబడి సాగి, బిడ్డ తల కటిలో లోతుగా ఇరుక్కున్న సిజేరియన్, తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్ ఒకటి కావు. నా 23లో అత్యవసరమైనవి 9 మాత్రమే. కాన్పు తర్వాతి రక్తస్రావానికి గర్భాశయంలో బెలూన్ పెట్టడం నేనే చేశానని రాశాను. గర్భాశయాన్ని కుట్టి రక్తం ఆపే బి-లించ్ కుట్టును మాత్రం చూశాననే రాశాను, లాపరోస్కోపీకి ఎదురుగా "స్వతంత్రంగా చేయలేదు" అని రాశాను. రోగుల పేర్లు, ఆసుపత్రి నంబర్లు సీవీలో ఉండకూడదు, అవి లాగ్‌బుక్‌లోనే ఉండాలి.

పరిశోధన భాగంలోనూ ఇలాంటి పొరపాటే జరిగింది. నా థీసిస్ గర్భిణుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు మీద. దాన్ని "ప్రచురణలు" కింద పెట్టాను, కానీ అది ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఇప్పుడు "పీజీ థీసిస్, అముద్రితం" అని రాస్తున్నాను. "48 మంది సికిల్ సెల్ గర్భిణులు" అన్న మాటనూ మార్చాల్సి వచ్చింది. సాల్యుబిలిటీ పరీక్ష జబ్బున్నవారిలోనూ, ఒక్క జన్యువును మోసే వాహకుల్లోనూ పాజిటివ్ వస్తుంది, ఆ రెండింటినీ విడదీసేది ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ. ఆ పరీక్ష ప్రకారం నా 48 మందిలో జబ్బున్నవారు 11, వాహకులు 37. ఈ జబ్బు తరచుగా కనిపించే ఈ ప్రాంతంలో ఏ వైద్యుడైనా మొదట అడిగేది ఆ 11 గురించే.

తిరగరాసిన సీవీతో అదే ఆసుపత్రికి మళ్లీ వెళ్లాను. పెద్ద డాక్టరుగారు ఆ తొమ్మిదిలో ఆఖరి కేసు చెప్పమన్నారు. లాగ్‌బుక్ తెరవకుండానే తల ఎలా పైకి తీశానో, గర్భాశయపు కోత పక్కకు చీలితే ఎలా కుట్టానో, ఎంత రక్తం ఎక్కించామో చెప్పాను. ఆ తర్వాత వారంలో చేరమన్నారు, మొదటి మూడు నెలలు రాత్రి సిజేరియన్లకు సీనియర్‌ను పిలవాలన్న షరతుతో. నా అంకెలు చూసి పెట్టిన ఆ షరతు నాకూ సబబుగానే తోచింది.