బుధవారం షుగర్ క్లినిక్‌కు రానివారు: నాణ్యత మెరుగుదల ప్రణాళిక రాసిన నా అనుభవం

కోస్తా జిల్లాల్లోని ఒక ఏరియా ఆసుపత్రిలో, వారానికి ఒకసారి బుధవారం నడిచే షుగర్ క్లినిక్‌లో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. 2024 మే చివరలో మా సూపరింటెండెంట్ మేడమ్ నన్ను పిలిచి, ఇచ్చిన తేదీకి రాని రోగుల సంఖ్యను తగ్గించడానికి ఒక నాణ్యత మెరుగుదల ప్రణాళిక రాసి ఇవ్వమన్నారు. "ముందురోజు ఫోన్లు చేయిద్దాం సిస్టర్, అదే రాసేయండి" అని కూడా అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ముందుగా గుర్తు చేస్తే హాజరు పెరుగుతుందని అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూపించాయి. అయితే మా రోగులు తేదీ మరచిపోయి రావడం లేదా, మరో కారణంతో రావడం లేదా అన్నది ఎవరూ చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి తయారుచేసిన నాణ్యత శిక్షణలో నాలుగు అంచెలుంటాయి. సమస్యను ఎంచుకుని జట్టు కట్టి లక్ష్యం రాయడం మొదటిది, కారణాలను వెతికి కొలవడం రెండవది, మార్పులను చిన్నగా పరీక్షించడం మూడవది, నిలిచినదాన్ని అలవాటు చేయడం నాలుగవది. ఫోన్లు చేయడమన్నది మూడవ అంచెకు చెందిన పని కనుక, మొదటి రెండూ ముగిసేదాకా దాన్ని పక్కన పెడదామని మేడమ్‌ను ఒప్పించాను.

జట్టులో డాక్టరుగారు, ఫార్మసిస్టుగారు, ఓపీ కౌంటరులో చీటీలు రాసే ఉద్యోగి, నేను ఉన్నాం. కౌంటరు ఉద్యోగిని ఎందుకు కూర్చోబెట్టారని కొందరు అడిగారు గానీ, తరువాత తేదీని రాసేది ఆయనే కనుక ఆయన లేకుండా ఈ పని జరిగేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ "రాలేదు" అని ఎవరిని లెక్కించాలి అన్న విషయం మీదనే జరిగింది. మార్చి 6 నుంచి మే 29 వరకు పదమూడు బుధవారాలు ఉన్నాయి. వాటిలో ఏప్రిల్ 17 శ్రీరామనవమి. ఆ రోజు క్లినిక్ మూసి ఉంది, అయినా ఆ తేదీ వేసి చీటీలు ఇచ్చాం. ఆ రోజు రోగి రాలేదని రాయడం న్యాయం కాదు, ఎందుకంటే లేనిది మేమే. అందువల్ల మేము రద్దు చేసిన తేదీలను లెక్కలోంచి తీసేయాలని, చనిపోయినవారినీ, వేరే ఊరికి వెళ్లి అక్కడి ఆసుపత్రిలో చేరినవారినీ తెలిసిన రోజునుంచి జాబితాలోంచి తొలగించాలని రాసుకున్నాం. మిగిలిన పన్నెండు బుధవారాలను ప్రారంభ లెక్కగా తీసుకున్నాం. వారానికి సుమారు 48 మంది రావలసి ఉండగా, రానివారు మధ్యస్థంగా 40 శాతం, అంటే 19 మంది ఉన్నారు.

ఇక్కడే ఆగిపోతే ఆ 19 మందీ చికిత్స మానేసినవారిలా కనిపిస్తారు. అందుకని సాధారణ ఓపీ రిజిస్టరును, మందుల గది రిజిస్టరును పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరూ వెతికాను. ఒకే పేరు గలవారు చాలామంది ఉంటారు కనుక ఊరు, వయసు కూడా సరిపోయినప్పుడే ఇద్దరూ ఒకరే అనుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే అయినా ప్రణాళిక మొత్తం దీని మీదనే నిలబడింది. రానివారిగా రాసిన 19 మందిలో 11 మంది ఆ బుధవారానికి ముందు వారంలోనే, వేరే రోజున సాధారణ ఓపీకి వచ్చి మాత్రలు తీసుకువెళ్లారని తేలింది. నిజంగా కనిపించకుండా పోయినవారు 8 మందే. అందువల్ల ప్రణాళికలో రెండు కొలతలు పెట్టాం. నిర్ణయించిన బుధవారం రానివారి శాతం మొదటిది, ఆ బుధవారానికి ఏడు రోజులు అటూ ఇటూ ఎక్కడా కనిపించనివారి శాతం రెండవది.

ఆ 11 మంది కోవకు చెందిన ఒక పెద్దామెకు ఫోన్ చేసి బుధవారం ఎందుకు రాలేదని అడిగితే, "మాత్రలు అయిపోయాయని శనివారమే వచ్చి తీసుకెళ్లాను కదమ్మా, మళ్లీ బుధవారం ఎందుకొస్తాను?" అన్నది. ఆమె చీటీ తెప్పించి చూశాం. డాక్టరుగారు "1 నెల" అని రాశారు. కౌంటరులో ఒక నెల కలిపి, ఆ తరువాత వచ్చే బుధవారాన్ని వేశారు. లెక్క వేసి చూస్తే ఇందులో ఒక చిక్కు ఉంది. జూన్ 5 బుధవారం అనుకుందాం. నెల కలిపితే జూలై 5, అది శుక్రవారం. తరువాతి బుధవారం జూలై 10, అంటే 35 రోజులు. నెలకు 30 రోజులున్నా 31 రోజులున్నా ఇలాగే 35 వస్తుంది, 28 రోజుల ఫిబ్రవరిలో తప్ప. మందుల గదిలో మాత్రం 30 రోజులకే ఇస్తారు. రోజుకు ఒక మాత్ర వాడేవారికి పదేసి మాత్రల స్ట్రిప్పులు మూడు, రెండుపూటలా మెట్‌ఫార్మిన్ వేసుకునేవారికి ఆరు. జూన్ 5న మొదలుపెట్టిన మాత్రలు జూలై 4తో అయిపోతాయి. మిగిలిన ఐదు రోజులకు మాత్రలు ఉండవు. జాగ్రత్త గలవారు ముందే సాధారణ ఓపీకి వస్తారు, కొందరు మెడికల్ షాపులో కొనుక్కుంటారు, కొందరు మానేసి ఊరుకుంటారు. ముందుగా వచ్చినవారికి సాధారణ ఓపీలో పాత చీటీ చూసి మాత్రలు ఇస్తారే తప్ప ఖాళీ కడుపు షుగర్ పరీక్ష, కాళ్ల పరీక్ష జరగవు. మేము ఇచ్చిన తేదీయే వారిని క్లినిక్‌కు దూరం చేస్తున్నప్పుడు, ఆ తేదీని ఫోన్ చేసి గుర్తు చేస్తే ఏమి లాభం?

పరిష్కారం చెప్పడానికి తేలిక. "1 నెల" బదులు "28 రోజులు" అని రాస్తే అది ఎప్పుడూ బుధవారమే అవుతుంది, చేతిలో రెండు రోజుల మాత్రలు మిగులుతాయి. ఈ మాట చెప్పగానే డాక్టరుగారు వెంటనే అభ్యంతరం చెప్పారు, అది సబబైన అభ్యంతరమే. క్లినిక్‌లో నమోదైనవారు 240 మంది. ఐదు వారాలకొకసారి వస్తే బుధవారానికి 48 మంది, నాలుగు వారాలకొకసారి వస్తే 60 మంది. ఒక్క డాక్టరు అంతమందిని చూడలేరు. దాంతో షుగర్ అదుపులో ఉండి, ఇన్సులిన్ లేకుండా మాత్రల మీదనే ఉన్నవారిని డాక్టరుగారే ఎంపిక చేసి 56 రోజులకు రమ్మనాలని, వారికి 60 రోజుల మాత్రలు ఇవ్వాలని అనుకున్నాం. అలాంటివారు సుమారు 80 మంది తేలారు. అప్పుడు నాలుగు వారాలవారు వారానికి 40, ఎనిమిది వారాలవారు 10, మొత్తం 50 మంది అవుతారు. దీనికి మందుల నిల్వ సరిపోతుందా అన్నది ఫార్మసిస్టుగారి ప్రశ్న. 80 మందికీ ఒకే నెలలో రెండు నెలల మాత్రలు ఇస్తే ఆ నెల నిల్వ తరిగిపోతుంది కనుక, ఎనిమిది వారాల పద్ధతిలోకి వారానికి పదిమందిని చొప్పున మార్చాలని, తరువాతి ఇండెంటు ఆ మేరకు పెంచి పంపాలని ఆయనే సూచించారు.

లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయాలి: మా బుధవారం షుగర్ క్లినిక్‌లో నిర్ణయించిన తేదీకి రానివారిని సెప్టెంబరు చివరినాటికి 40 శాతం నుంచి 20 శాతానికి తగ్గించడం. 20 అన్న సంఖ్యను గుండ్రంగా ఉందని పెట్టలేదు. తేదీ తేడా వల్ల వేరే రోజున వస్తున్న 11 మందిలో ఎక్కువమంది బుధవారానికి వస్తే, మిగిలేది ఆ 8 మందీ, మరొకరో ఇద్దరో. సున్నా అని రాసే ప్రణాళికలు కాగితం మీద బాగుంటాయి గానీ, అవి ఏ కారణం మీద ఆధారపడినవో చెప్పలేవు.

మార్పు అమలవుతున్నదో లేదో తెలియడానికి ప్రతి బుధవారం ఇరవై చీటీలు తీసి, రాసిన రోజులకు ఇచ్చిన మాత్రలు చాలుతాయా అని చూడాలి. ఒకచోట బాగుచేయబోయి మరొకచోట చెడగొట్టలేదని తెలియడానికి చివరి రోగి బయటికి వెళ్లిన సమయం, మెట్‌ఫార్మిన్ నిల్వ రాసుకోవాలి. అంతకు మించి కొలతలు పెట్టలేదు. పెట్టినవన్నీ రోగులను చూసే చేతులతోనే రాయాలి కదా.

మొదటి పరీక్షను జూలై 3న, మొదటి పదిమంది రోగులతోనే చేశాం. పదిమందికీ సరైన తేదీ పడుతుందని ముందుగానే కాగితం మీద అంచనా రాసుకున్నాం. ముగ్గురి చీటీల్లో మళ్లీ 35 రోజులే పడ్డాయి. కారణం చిన్నది. డాక్టరుగారి చెయ్యి అలవాటు కొద్దీ "1 నెల" అనే రాసింది, కౌంటరు దాన్నే అనుసరించింది. 28, 56 అని రెండు రబ్బరు స్టాంపులు చేయించి డాక్టరుగారి బల్ల మీద పెట్టిన తరువాత ఆ తేడా పోయింది. జూలై 17 మొహర్రం సెలవు కనుక అందరికీ 24 నుంచి అమలు చేశాం.

ఫలితం ఎప్పటినుంచి చూడాలో కూడా ప్రణాళికలో రాయాలి. లేకపోతే వారం తిరగగానే "ఏమైనా తగ్గిందా?" అన్న ప్రశ్న వస్తుంది. జూలై 24న ఇచ్చిన తేదీ ఆగస్టు 21 కనుక అంతకు ముందు కనిపించే హెచ్చుతగ్గులు ఈ మార్పువి కావు. వారంవారం శాతాన్ని గ్రాఫు కాగితం మీద బిందువుగా పెట్టి, పాత పన్నెండు వారాల మధ్యస్థం గీతను మార్చకుండా ముందుకు పొడిగించాం. వరుసగా ఆరు బిందువులు ఆ గీతకు ఒకే వైపున పడితేనే దాన్ని మార్పు అనాలన్నది నియమం. ఒక్క మంచి వారాన్ని చూసి సంతోషించడానికి వీలులేదు. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 25 వరకు ఆరు బిందువులూ గీత కిందే పడ్డాయి, చివరి రెండూ 22 శాతం దగ్గర ఉన్నాయి. రెండవ కొలత, అంటే ఎక్కడా కనిపించనివారి శాతం, దాదాపు కదలలేదు. అది కదలదని మాకు ముందే తెలుసు, ఎందుకంటే వారి కారణాలు వేరు. ఫోన్ నంబరు తప్పు, ఫోన్ హైదరాబాదులో ఉన్న కొడుకుది, కూలి పోతుందని రాకపోవడం. మేడమ్ చెప్పిన ఫోన్ల పనిని ఇప్పుడు వీరి కోసం, కౌంటరులోనే మిస్డ్ కాల్ ఇచ్చి నంబరు సరిచూసుకున్న తరువాత మొదలుపెడుతున్నాం. నంబరు లేనివారి పేర్లు ఊరివారీగా ఆశా కార్యకర్తలకు వెళతాయి.

28 రోజుల పద్ధతికి ఉన్న లోపం సెప్టెంబరు 4న బయటపడింది. ఆ రోజునుంచి 28వ రోజు అక్టోబరు 2, గాంధీ జయంతి, సెలవు. అలాగే 28 రోజుల లెక్కన నవంబరు 27న ఇచ్చే తేదీ క్రిస్మస్ మీద పడుతుంది. అలాంటి బుధవారాలకు బదులుగా మంగళవారం క్లినిక్ పెట్టాలని, గురువారమైనా మాత్రలు సరిపోతాయి గానీ ఒక్క రోజే మిగులుతుందని తేల్చుకుని, ఏడాది సెలవుల జాబితాలోని బుధవారాలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి కౌంటరు అద్దానికి లోపలివైపు అంటించాం.