పాపకు డైపర్ దగ్గర ఫంగస్, నడుమ ఒక ట్యూబు చేసిన మాయ: నా అనుభవం

మా పాప తొడ మడతలు నున్నగై ఇంకా ఎక్కువ రోజులు కాలేదు. డాక్టరు మేడం రాసిన ఫంగస్ క్రీము మాత్రం ఇప్పటికీ రాస్తూనే ఉన్న. ఎందుకు రాస్తున్ననో కింద చెప్త. కోపం చల్లారకముందే రాసుకోవాలని కూసున్న, అందుకే అక్కడక్కడ మాట గట్టిగ పడితే ఏమనుకోవద్దు.

పాపకు ఏడో నెల. మాది దేవరకొండ దిక్కు. దగ్గు, జ్వరం వస్తే డాక్టరు యాంటీబయాటిక్ సిరప్ రాసిండు, జ్వరం తగ్గింది. సిరప్ అయిపోవస్తుంటే విరేచనాలు మొదలైనయి, ఆ వెనకనే ఎరుపు. "ఎండకు పాసింది బిడ్డా, కొబ్బరినూనె రాయి" అన్నది అత్తమ్మ. ఇంతకుముందు అట్ల పాసినప్పుడు డైపర్ తీసి గాలి తగలనిస్తే రెండు రోజులకు పోయేది. ఈసారి పోలే.

పైగా ఎరుపు రకమే వేరేగ ఉన్నది. మామూలుగ పాసినప్పుడు డైపర్ ఒరుసుకునే చోట, అంటే పిర్రల ఉబ్బు మీద, తొడల మీద ఎర్రగైతది. మడత విప్పి చూస్తే లోపల తెల్లగ, మంచిగనే ఉంటది, ఎందుకంటే తడి గుడ్డ అక్కడ తగలదు. ఇప్పుడు గజ్జల మడతలోనే ఎక్కువున్నది. పచ్చి మాంసం లెక్క ఎరుపు, అంచు గీత గీసినట్టు. ఆ అంచు దాటి, అసలు మచ్చకు అంటకుండ, గుండుసూది తలకాయంత ఎర్రటి పొక్కులు చుట్టూ చల్లినట్టున్నయి. డిగ్రీల బయాలజీ చదివినదాన్ని, ఇది ఒరుపు కాదని నాకప్పుడే అనుమానమొచ్చింది. ఇంట్ల ఎవరు వింటరు?

మా బావ పోయి మెడికల్ షాపుల ఒక ట్యూబు తెచ్చిండు. "ఫంగస్, ఇన్ఫెక్షన్, దురద, మూడిటికీ ఇదొక్కటే చాలు" అని షాపాయన చెప్పిండట. రాసిన తెల్లారికే ఎరుపు వాడిపోయింది. ఇంటిల్లిపాది షాపాయనను పొగిడిన్రు. తగ్గింది గదా అని ఆపితే మళ్ల వచ్చింది, ముందుకంటె వెడల్పుగ. మళ్ల రాస్తే మళ్ల వాడింది. ఆపంగనే పొక్కులు పొత్తికడుపు మీదికి ఎక్కినయి. మందు పనిచేస్తున్నదా, రోగాన్ని పెంచుతున్నదా అన్నది నాకు అర్థం కాలే.

ఇగ నల్లగొండకు తీస్కపోయినం. మొదలు పోయిన దవాఖాన్ల జరిగింది నేను జన్మల మరువ. హాలు నిండ మనుషులు. బరువు చూసే సిస్టర్ పాప డైపర్ విప్పంగనే ముక్కు మూసుకుని, హాలంత వినబడేటట్టు "ఏమ్మా, పొద్దుగాల ఏసిన డైపర్ రాత్రిదాక తియ్యవా? చదువుకున్నోళ్లే ఇట్ల చేస్తరు" అన్నది. పాపను నలుగురు చూసేటట్టు అట్లనే పండబెట్టింది. పక్కన కూసున్న ఒక పెద్దమ్మ "మా కాలంల డైపర్లున్నయా, మేము పిల్లల్ని సాకలేదా" అని అందుకున్నది. ఇంకొకామె తన మనవనికి పసుపు రాసిన కథ చెప్పవట్టింది. అత్తమ్మ తలకాయ దించుకున్నది, నా మొకం చూడలే. నేను జవాబు చెప్పబోతే పాప ఏడుపుల నా మాట ఎవలకూ ఇనబడలే. లోపల డాక్టరు మడత విప్పి చూడలే. కుర్చీల నుంచే చూసి "డైపర్ మానేయండి, పౌడర్ వేయండి" అని చీటీ రాసిచ్చిండు. ఏం మందు వాడుతున్నరని కూడ అడగలే. ఫీజు మాత్రం ముందే తీసుకున్నరు.

ఆ సిస్టర్‌కు చెప్పాలనుకున్న మాట ఇక్కడ చెప్త. ఈ ఫంగస్ పేరు క్యాండిడా. ఇది మన పేగులల్ల మామూలుగనే ఉంటది, పిల్లల పేగులల్ల కూడ. అక్కడి మంచి బ్యాక్టీరియా దాన్ని పెరగనియ్యదు. యాంటీబయాటిక్ వేస్తే ఆ బ్యాక్టీరియా కూడ చస్తది, క్యాండిడాకు అడ్డు పోతది, అది విరేచనంతోని బయటికొస్తది. విరేచనాలకు అప్పటికే తోలు పచ్చిగైతది, డైపర్ లోపల వెచ్చదనం, తడి సరేసరి. గంటకోసారి మార్చే తల్లి బిడ్డకు కూడ వస్తది. డైపర్ ఎక్కువసేపు ఉంచితే ముదురుతదన్నది నిజమే, కాని తల్లిని హాల్ల నిలబెట్టి కడిగేస్తే ఏ ఫంగసూ పోదు.

పౌడరు కొననే లేదు. పిల్లల పిర్రలకు పౌడరు చల్లితే అది గాలిల లేచి వాళ్ల ఊపిరితిత్తులకు పోతది, మడతల తడికి ముద్ద కట్టి ఒరుస్తది.

క్లాక్ టవర్ దిక్కు ఇంకో పిల్లల డాక్టరు మేడం ఉన్నదని మా చెల్లె చెప్తే అటే పోయినం. ఆ మేడం రెండు గజ్జలూ విప్పి చూసింది. మెడ కింద, చంకల్ల చూసింది. తర్వాత నోరు తెరిపించి నాలుక, బుగ్గల లోపల చూసింది. నోట్ల తెల్లటి పూత ఉండి, తుడిస్తే పాల మీగడ లెక్క పోకుంటే అది కూడ ఇదే ఫంగస్. అప్పుడు నోటికి వేరే మందు కావాలె, లేకుంటే కింద ఎంత రాసినా మళ్ల మళ్ల వస్తదట. మా పాప నోరు మంచిగనే ఉన్నది. "ఇప్పటిదాక ఏం రాసిన్రు?" అని అడిగింది. ఆ ట్యూబు సంచిల ఏసుకపోయిన, తీసి చేతిల పెట్టిన.

మేడం ట్యూబు తిప్పి వెనక సన్న అక్షరాలల్ల ఉన్న మందుల పేర్లు నాతోనే చదివించింది. మైకొనజోల్ ఉన్నది, అది ఫంగస్ మందే. నియోమైసిన్ ఉన్నది, అది యాంటీబయాటిక్, ఇక్కడ దాని అవసరం లేదు. మూడోది క్లోబెటసోల్. అది స్టీరాయిడ్‌లల్ల అన్నిటికంటె బలమైన జాతిది. మాయ చేసింది అదే. ఎరుపును, వాపును తోలు ఒక్కరోజుల చూపియ్యకుండ చేస్తది, ఫంగస్‌తోని పోట్లాడే శక్తిని కూడ అణుస్తది. అందుకే పైకి తగ్గినట్టు కనబడి లోపల పాకింది. పైగా డైపర్ బిగుతుగ మూసి ఉంచుతది గనుక, పెద్దోళ్ల చేతికి రాసినదానికంటె చాలా ఎక్కువ మందు పసిపిల్ల తోలు గుండ ఒంట్లకు పోతది. ఎక్కువ రోజులు రాస్తే తోలు పలచబడుతది, చారలు పడుతయి, ఒంట్ల తయారయ్యే హార్మోన్ మీద కూడ దెబ్బ పడుతది. బాగ వాపుంటే డాక్టర్లు కొన్ని రోజులకు తేలికపాటి హైడ్రోకార్టిసోన్ రాస్తరట, అది వేరే సంగతి. క్లోబెటసోల్, బీటామెథాసోన్ అన్న పేర్లు ఏ ట్యూబు మీద కనబడినా పిల్లల డైపర్ దగ్గరికి రానియ్యొద్దు. చీటీ లేకుండ దాన్ని చేతిల పెట్టిన షాపాయన మీద నాకు ఇంకా కోపమే.

మేడం రాసింది ఒకటే మందు: క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, ఇంకేం కలవనిది. మైకొనజోల్ 2 శాతం ఒంటరిది దొరికినా సరే అన్నది. నిస్టాటిన్ కూడ పనిచేస్తదట, మేమడిగిన షాపులల్ల అది లేదు. ఒక షాపుల మాత్రం "అన్నీ ఫంగస్ మందులే గదమ్మా" అని టెర్బినాఫిన్ ఇయ్యబోయిన్రు. అది తామరకు మంచి మందు. తామర ఫంగస్ వేరు, క్యాండిడా వేరు, క్యాండిడా మీద దాని బలం తక్కువ. మేడం ముందే చెప్పింది గనుక తీసుకోలే.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. కడిగి, పూర్తిగ ఆరినంక, శనగగింజంత తీసుకుని ఎరుపు మీద, దాని చుట్టూ పొక్కులున్నంత దూరం పలచగ రాయాలె. అది ఇంకినంక పైన జింక్ ఆక్సైడ్ క్రీము. ఈ వరస తిరగేస్తే ఫంగస్ మందు తోలుకు అందదు. స్టీరాయిడ్ ఆపినం గనుక మొదట ఒకటి రెండు రోజులు ఎరుపు పెరిగినట్టు కనబడొచ్చు, భయపడొద్దన్నది. అన్నట్టే అయింది. తర్వాత ముందు బయటి పొక్కులు ఎండి సన్నగ పొట్టు లేచింది, ఆఖరుకు మడతలు తేరుకున్నయి.

ఇప్పుడు అత్తమ్మ "నున్నగయింది గద, ఇంకెందుకు రాస్తవ్" అంటున్నది. ఎరుపు పోయినంత మాత్రాన ఫంగస్ మొత్తం పోయినట్టు కాదు, కంటికి కనబడనిది మిగిలి ఉంటది. మేడం లెక్క ఏందంటే, మొత్తం రెండు వారాలకు తగ్గొద్దు, తోలు మామూలైనంక ఇంకో వారం రాయాలె, రెండిట్ల ఏది ఆలస్యమైతే అక్కడిదాక. మంచిగ రాసినా వారంల ఏ మార్పూ లేకపోతే మళ్ల రమ్మన్నది, అప్పుడు రోగమే వేరే కావొచ్చు. జ్వరమొచ్చినా, చీము పట్టినా, తేనెరంగు పక్కు కట్టినా, తోలు పగిలి నెత్తురొచ్చినా వారం ఆగేది లేదు, వెంటనే పోవాలె.

ఆరబెట్టుడే అన్నిటికంటె ఓపిక పని. వాసన వైప్స్ మానేసి గోరువెచ్చని నీళ్లు, దూది. తుడిచేటప్పుడు రుద్దొద్దు, మెత్తటి గుడ్డతోని అద్దాలె, మడత వేలుతోని విప్పి లోపల కూడ అద్దాలె. విరేచనమైనప్పుడు జింక్ క్రీమంత గీకి తీయొద్దు, మురికి పడిన పై పొర తీసి మళ్ల పూస్తే చాలు, గీకితే కొత్త తోలు కూడ లేస్తది. మార్చినప్పుడల్ల లబ్బరు షీటు మీద పాత నూలు చీర మడతేసి పాపను ఊరికె పండబెడుత, ఫ్యాను గాలికి తోలు పొడిగయ్యేదాక. బయటికి పోయేటప్పుడే డైపర్, అదీ ఒక సైజు పెద్దది, వదులుగ. ఇంట్ల గుడ్డ లంగోటీలే, పైన ప్లాస్టిక్ చెడ్డీ లేకుండ. వాటిని వేడినీళ్లల్ల ఉతికి ఎండల ఆరేస్తున్న, మా ఎండకు గంటల ఎండుతయి.

మొన్న మా గల్లీల ఒకామె "అక్కా, మీ పాపకు తగ్గిందట గద, ఆ ట్యూబు జర ఇయ్యవా" అని వచ్చింది. ముందు బాబును చూపియ్యమన్న. పిర్రల ఉబ్బు మీద ఎరుపున్నది, మడత విప్పితే లోపల శుభ్రంగున్నది, పొక్కులు లేవు. అది ఒరుపు, దానికి ఫంగస్ మందు పని లేదు. ట్యూబు ఇయ్యలే, జింక్ క్రీము పేరు రాసిచ్చి, రెండు మూడు రోజులు గాలికి ఉంచి చూడమన్న. తగ్గకుండ మడతలల్లకు పాకితే మేడం దగ్గరికే పొమ్మన్న.