లైఫ్ టేబుల్ లెక్కలో నేను మార్కులు పోగొట్టుకున్న చోటు: కనిపించని ఆరు పక్షులు

జీవావరణ శాస్త్రం పేపరుకు చదువుతున్న మిత్రులకు ఒకే ఒక లెక్క గురించి వివరంగా రాస్తున్నాను. లైఫ్ టేబుల్ అంటే ఏ వయసులో ఎన్ని జీవులు బతికున్నాయో, ఎన్ని పిల్లలను కన్నాయో చూపే పట్టిక. మొదటి ప్రయత్నంలో ఆ ప్రశ్నను తేలికైన కూడికగా భావించి తప్పు చేశాను. ఆ తర్వాత నా కోసం నేనే ఒక నమూనా దత్తాంశం తయారు చేసుకుని, ప్రతి గడిలోని అంకె ఎక్కడి నుంచి వస్తుందో అర్థమయ్యేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చేశాను.

ఒకే ఏడాది పుట్టిన 200 ఆడ పక్షి పిల్లల కాళ్లకు రింగులు తొడిగి, ఏటా గూళ్లు కట్టే కాలంలో వాటిని వెతికారనుకుందాం. మొదటి ఏడాది 80, రెండో ఏడాది 44, మూడో ఏడాది 20 కనిపించాయి, నాలుగో ఏడాది ఒక్కటీ కనిపించలేదు. వాటి గూళ్లలో లెక్కించిన పిల్లలు, ఆడా మగా కలిపి, వరుసగా 120, 132, 50. పిల్లల్లో సగం ఆడవి.

మనుగడ, అంటే l_x, ప్రతి వయసులోనూ మొదటి 200తోనే భాగించగా వస్తుంది: 1, 0.40, 0.22, 0.10, 0. నేను మొదట్లో ప్రతి వరుసనూ దాని పై వరుసతో భాగించేవాడిని. అలా వచ్చేది ఒక వయసు నుంచి తర్వాతి వయసుకు బతికే అవకాశం, అంటే p_x. దాన్ని l_x స్థానంలో పెడితే ఈ లెక్కలో R_0, అంటే ఒక ఆడ పిల్ల తన జీవితకాలంలో సగటున కనే ఆడ పిల్లల సంఖ్య, దాదాపు 1.69 వస్తుంది.

ఇక m_x అంటే ఆ వయసులో బతికి ఉన్న ఒక్కో ఆడ పక్షికి పుట్టిన ఆడ పిల్లల సగటు సంఖ్య. కోహార్ట్‌లో, అంటే ఒకే ఏడాది పుట్టిన ఈ గుంపులో, ఆడవాటినే లెక్కపెట్టాం కాబట్టి సంతానంలోనూ ఆడవాటినే లెక్కపెట్టాలి. అప్పుడు 60/80 = 0.75, 66/44 = 1.5, 25/20 = 1.25 వస్తాయి.

R_0 = Σ l_x m_x = 0.30 + 0.33 + 0.125 = 0.755

సగం చేయడం మరిచిపోతే 1.51 వస్తుంది, అది 1 దాటింది కాబట్టి తగ్గిపోతున్న జనాభా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. జవాబును సరిచూసుకోవడానికి నేను నమ్ముకున్న పద్ధతి ఒకటుంది. మొత్తం ఆడ పిల్లలను (60 + 66 + 25 = 151) 200తో భాగిస్తే అదే 0.755 రావాలి. రాకపోతే తప్పు ఎక్కడో l_x లేదా m_x గడిలోనే ఉంటుంది.

ప్రశ్నలో పిల్లలకు బదులు గుడ్ల సంఖ్య ఇచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కోహార్ట్ పిల్లల దశలో మొదలైతే సంతానాన్నీ అదే దశలో లెక్కించాలి, లేదా గుడ్డు నుంచి ఆ దశ దాకా బతికే నిష్పత్తితో గుణించాలి. ఇది చేయకపోతే గుడ్ల దశలో జరిగే మరణాలు పట్టికలో ఎక్కడా చేరవు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం క్షేత్రంలో వచ్చే చిక్కు. మూడో ఏడాది కనిపించిన 20 పక్షుల్లో 6 రెండో ఏడాది కనిపించలేదని రికార్డులో ఉందనుకోండి. మూడో ఏడాది బతికి ఉన్న పక్షి రెండో ఏడాది చనిపోయి ఉండదు కాబట్టి, రెండో వయసులో బతికి ఉన్నవి కనీసం 50, l_2 విలువ 0.25. ఇక్కడే నేను పొరపాటు పడ్డాను. l_2 సరిదిద్దాక, m_2 కోసం కూడా 66ను 50తో భాగించాను. 1.32 వచ్చింది, దాన్ని 0.25తో గుణిస్తే మళ్లీ పాత 0.33 వచ్చింది. అంటే ఒక చేత్తో దిద్దినదాన్ని మరో చేత్తో చెరిపేశాను. ఆ 66 పిల్లలు కనిపించిన 44 పక్షులవే, కనిపించని ఆరింటి గూళ్లను ఎవరూ చూడలేదు. అందుకే సగటును 66/44 = 1.5గానే ఉంచాలి. అప్పుడు 0.25 × 1.5 = 0.375, R_0 = 0.80.

ఈ 0.80 వెనక ఒక ఊహ ఉంది: కనిపించని ఆరూ కనిపించినవాటిలాగే పిల్లలను కన్నాయని. అవి ఆ ఏడాది గూడు కట్టకపోవడం వల్లనే కంటపడకుండా పోయి ఉంటే, 0.755 నిజానికి దగ్గరవుతుంది. ప్రశ్నలో ఈ వివరం లేకపోతే, ఏ ఊహతో లెక్క చేశానో జవాబులో ఒక వాక్యంలో రాస్తున్నాను. చివరి వయసుకు ఇలాంటి సవరణ చేయలేం, ఎందుకంటే ఆ తర్వాత వెనక్కి తిరిగి చూపే ఏడాది లేదు. వలస వెళ్లిన పక్షి చనిపోయినదాని కిందే లెక్కకొస్తుంది, కాబట్టి అక్కడ l_x అసలు విలువ కంటే తక్కువగానే ఉండవచ్చు.